‘నాకేం కాదు కదా?’ అని అమ్మ రోజంతా అడుగుతోంది, ఏం జవాబు చెప్పాలి?

సరిత_కొత్తపేట

మా అమ్మకు 62 ఏళ్ళు. నాన్న పోయాక మా దగ్గరే ఉంటోంది. సంక్రాంతి తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ ఆయన గుండెపోటుతో పోయారు. అప్పటి నుంచి అమ్మకు ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది, గుండె దడ కూడా. కార్డియాలజిస్ట్‌కి చూపించాం. ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ టెస్ట్, థైరాయిడ్ అన్నీ అయ్యాయి. గుండెలో ఏ లోపమూ లేదు, ఇది ఆందోళన వల్ల వస్తోంది, బీపీ మాత్ర మాత్రం మానొద్దు అన్నారు.

ఇంటికొచ్చిన ఆ రాత్రే మొదలైంది. ‘నాకేం కాదు కదా?’ ఏం కాదమ్మా అంటాను. కాసేపు బాగుంటుంది. మళ్ళీ అదే. నేను విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కేలోపే ఫోన్, అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు ఫోన్, ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్. రిపోర్టులు చదివి వినిపించాను, డాక్టరు మాటలు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. చెప్పే పద్ధతి మార్చి చూశాను: బతిమాలినట్టు, గట్టిగా, దేవుడి మీద ఒట్టేసి. ఏం చెప్పినా కాసేపే. అమ్మకు నమ్మకం కుదిరేలా ఎలా చెప్పాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

రఘు_మియాపూర్

సరిత గారూ, ముందు ఇంకో కార్డియాలజిస్ట్‌ని కలవండి. మా బావగారికి కూడా ఈసీజీ నార్మల్ అన్నారు. తర్వాత యాంజియోగ్రామ్ చేస్తే బ్లాక్ బయటపడింది. పెద్దవాళ్ళు పదే పదే చెబుతున్నారంటే లోపల ఏదో ఉన్నట్టే. మీ అమ్మగారు అడుగుతున్నది ధైర్యం కోసం కాదేమో, ఆలోచించండి.

నవీన్_ఉప్పల్

మా అత్తగారిది అచ్చం ఇదే కథ. ఒక్క రోజులో జవాబు చెప్పడం మానేశాం. అడిగితే వినపడనట్టు పక్క గదిలోకి వెళ్ళిపోయేవాళ్ళం. కొన్నాళ్ళకు అడగడం ఆగిపోయింది. మీరు జవాబు చెప్పినంత కాలం ఆవిడ అడుగుతూనే ఉంటారు. ఆపేయండి, అంతే.

మాధవి_కౌన్సెలింగ్

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. ఆందోళన ఉన్నవాళ్ళ కుటుంబాలతోనే నా పని ఎక్కువ. ఆవిడను చూడకుండా ఏ జబ్బో చెప్పలేను. మీరు రాసింది మాత్రం రోజూ వినే విషయమే కాబట్టి వివరంగా చెబుతాను.

ఇంకా బాగా ఎలా చెప్పాలి అని అడిగారు. మీరు ఎంత బాగా చెబితే అమ్మకు అన్ని కొత్త సందులు దొరుకుతాయి. ‘టెస్టులన్నీ నార్మల్’ అంటే ‘అవి చేసింది మార్చిలో కదా’ అంటారు. ‘మొన్ననే డాక్టర్ చూశారుగా’ అంటే ‘అప్పుడు నాకు నొప్పి లేదు, అందుకే కనపడలేదు’ అంటారు. ఆవిడకు కావాల్సింది నూటికి నూరుపాళ్ళ హామీ. ఏ మనిషికీ రేపు ఏమీ కాదని అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు, ఆ సంగతి ఆవిడకూ తెలుసు. అందుకే ‘ఏం కాదు’ అన్న మాట నిలవదు.

రెండోది ఇంకా ముఖ్యం. భయం పైకి లేచి, పక్కన ఎవరూ ఏమీ చెయ్యకపోయినా కొంతసేపటికి దానంతట అదే దిగుతుంది. అమ్మకు అది తెలిసే అవకాశమే రావడం లేదు. భయం లేవగానే ఫోన్ చేస్తారు, మీరు ఏం కాదంటారు, గుండె నిమ్మళిస్తుంది. ‘కూతురు చెప్పింది కాబట్టి తగ్గింది’ అని లోపల నాటుకుంటుంది. తర్వాతిసారి భయం వేసినప్పుడు చెయ్యి నేరుగా ఫోన్ మీదికే వెళుతుంది. దురద పుట్టినచోట గోకినట్టే: గోకుతున్నంతసేపు హాయి, ఆ తర్వాత ఇంకా ఎక్కువ దురద.

1986లో బ్రిటన్‌లో పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ అనే ఇద్దరు ఆరోగ్యం గురించి విపరీతంగా భయపడేవాళ్ళ మీద రాసిన వ్యాసంలో ఇదే చెప్పారు. ఓసీడీ ఉన్నవాళ్ళకు పదే పదే చేతులు కడుక్కోవడం ఎలాగో, వీళ్ళకు భరోసా అడగడం అలాగ. ఆ నిమిషానికి భయం తగ్గుతుంది, మొత్తం మీద భయం అలాగే నిలబడుతుంది.

రఘు గారూ, మీ భయం అర్థమైంది. మామూలుగా పడుకోబెట్టి తీసే ఈసీజీ నార్మల్ వచ్చినంత మాత్రాన గుండెకు ఏమీ లేదని తేల్చలేరు, అది నిజమే. ఇక్కడ ట్రెడ్‌మిల్, ఎకో కూడా చూసి డాక్టరు ఒక నిర్ణయానికి వచ్చారు. ఇంకో అభిప్రాయం కావాలంటే తీసుకోవచ్చు, కానీ ఒక్కసారే. ఆ రోజే డాక్టర్ని రెండు ప్రశ్నలు అడిగి జవాబులు రాయించుకోండి: ఏ లక్షణాలు వస్తే వెంటనే రావాలి, ఏమీ రాకపోతే మళ్ళీ ఎప్పుడు రావాలి. సాధారణంగా వాళ్ళు చెప్పేవి ఇవి: ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి తగ్గకపోవడం, నొప్పి చేతికో దవడకో పాకడం, చల్లని చెమటలు, ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం, నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి. మొదటివాటిలో ఏది కనిపించినా ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చెయ్యాలి. చివరిదైతే నడక ఆపి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ఆగాక కూడా తగ్గకపోతే అదీ 108కే. ఈ కాగితం ఉంటేనే మీరు ధైర్యంగా ‘జవాబు చెప్పను’ అనగలరు. ఇది లేకుండా భరోసా మానేయమని నేను ఎవరికీ చెప్పను.

నవీన్ గారిది సగం సరైనది. మిగతా సగం గురించి సాయంత్రం రాస్తాను, పేషెంట్లు వచ్చారు.

పద్మజ_బోడుప్పల్

మా ఆయనకు ఓసీడీ. నాగోల్‌లో మెట్రో ఎక్కాక ఫోన్ చేసి ‘గ్యాస్ కట్టేశానా?’ అంటారు. నేను చూసి చెబితే ‘సరిగ్గా చూశావా’ అంటారు. తర్వాత నాబ్ ఫొటో పంపమన్నారు. ఆ తర్వాత ఫొటో ఇప్పటిదేనా, నిన్నటిది పంపావా అని అనుమానం. డాక్టర్ గారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒక మాట ఒప్పించారు. ఆయన అడిగితే నేను ‘ఇది నువ్వు అడుగుతున్నావా, నీ భయం అడుగుతోందా?’ అంటాను. ఆయన ఒప్పుకుని పెట్టుకున్న మాట కాబట్టి కోపం రాదు. సరిత గారి అమ్మగారికి ఇది పనికొస్తుందో లేదో తెలియదు. మా అమ్మతో అంటే చిన్నబుచ్చుకుంటుంది.

వెంకటరమణ_రిటైర్డ్

నాకు 68 ఏళ్ళు. నేను అడిగేవాళ్ళ వైపు మనిషిని. స్టెంట్ వేశాక రెండేళ్ళు మా అమ్మాయిని సతాయించాను. లోపల ఏం జరుగుతుందో ఇక్కడ ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

అమ్మాయి ‘ఏం కాదు నాన్నా’ అన్నప్పుడు నేను మాట వినేవాడిని కాదు, గొంతు వినేవాడిని. ఒక క్షణం ఆలస్యంగా అంటే ‘ఏదో దాస్తోంది’. వెంటనే అంటే ‘వినకుండానే అనేసింది’. చిరాగ్గా అంటే ‘విసుగొచ్చింది, అంటే నా పని అయిపోయినట్టే’. ఎలా చెప్పినా నాకు అందులో ఒక లోపం కనిపించేది. ప్రశాంతత ఫోన్ పెట్టేశాక టీ తాగి గ్లాసు కడిగేంతవరకు, అంతే.

ఇంకోటి. నేరుగా అడగడం సిగ్గనిపించి చుట్టు తిప్పి అడిగేవాడిని. ‘ఇవాళ నా మొహం ఎలా ఉంది?’, ‘చెయ్యి చల్లగా ఉందేమో చూడు’, ‘ఈ వయసులో మీ తాతయ్య ఎలా ఉండేవారో గుర్తుందా?’ ఇవన్నీ అదే ప్రశ్న. మా అమ్మాయి మొదట్లో ఇవి పట్టుకోలేకపోయింది.

నవీన్ గారూ, వినపడనట్టు వెళ్ళిపోవడం మాత్రం వద్దండి. మా అబ్బాయి అలా చేశాడు. నేను అడగడం మానేశాను, నిజమే. రాత్రిళ్ళు సెల్‌లో గుండెపోటు వీడియోలు చూసేవాడిని. ఇంట్లో తగ్గింది అనుకున్నారు.

నవీన్_ఉప్పల్

వెంకటరమణ గారూ, ఇది చదివాక మా అత్తగారి గురించి ఆలోచనలో పడ్డాను. పక్కింటావిడ దగ్గర బీపీ మెషిన్ ఉంది. రోజూ అక్కడికి వెళ్ళి వస్తున్నారు. కబుర్లకు వెళుతున్నారనుకున్నాం.

మాధవి_కౌన్సెలింగ్

వెంకటరమణ గారు రాసింది నా దగ్గరికొచ్చే కుటుంబాలందరికీ చదివి వినిపించాలనుంది.

మిగతా సగం ఇది. జవాబు ఆపాలి, మనిషిని వదలకూడదు. మౌనంగా ఉంటే ఆవిడకు భయంతో పాటు ఒంటరితనం కూడా వస్తుంది. ఇంకో చిక్కు, చాలామంది మౌనాన్ని చివరిదాకా నిలబెట్టలేరు. తొమ్మిదిసార్లు ఊరుకుని పదోసారికి విసుగుతోనో జాలితోనో ‘ఏం కాదమ్మా!’ అనేస్తారు. దాంతో గట్టిగా పది సార్లు అడిగితే జవాబు వస్తుందని మనమే నేర్పినట్టవుతుంది.

అందుకే ముందు చెప్పి మొదలుపెట్టాలి. అమ్మ భయంలో లేని సమయం చూసుకోండి, ఆదివారం భోజనాలయ్యాక లాంటిది. ఆవిడ ఏం చెయ్యాలో చెప్పకండి, మీరు ఏం చెయ్యబోతున్నారో చెప్పండి. ఉదాహరణకు ఇలా: ‘అమ్మా, నువ్వు అడిగినప్పుడల్లా ఏం కాదంటున్నాను. దానివల్ల నీ భయం తగ్గడం లేదు, పెరుగుతోంది. అందుకే సోమవారం నుంచి ఆఫీసులో ఉన్నప్పుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పను. కోపంతో కాదు. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తుతాను, మాట్లాడతాను. డాక్టరు రాసిన లక్షణాలు వస్తే మాత్రం నన్ను అడగొద్దు, ముందు 108కి చెయ్యి.’ దీన్ని కాగితం మీద రాసి ఇస్తే ఇంకా మంచిది.

‘ఆఫీసులో ఉన్నప్పుడు’ అన్నది గమనించండి. అన్నీ ఒకేసారి ఆపొద్దు. ఒక్క చోట మొదలుపెట్టండి, అది కుదురుకున్నాక రాత్రి ప్రశ్నలు.

ఇక ఫోన్ వచ్చి ‘నాకేం కాదు కదా’ అన్నప్పుడు చెప్పే మాటలో రెండు ముక్కలుండాలి. భయం నిజమేనని ఒప్పుకోవడం ఒకటి, ఆవిడ దాన్ని దాటగలదన్న నమ్మకం రెండోది. మొదటిది లేకపోతే కొట్టిపారేసినట్టుంటుంది, రెండోది లేకపోతే ఆవిడతో కలిసి మనమూ భయపడినట్టుంటుంది. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ పిల్లల ఆందోళన కోసం తయారుచేసిన పద్ధతికి ఇదే పునాది. అందులో థెరపిస్ట్ తల్లిదండ్రులతో మాత్రమే పనిచేస్తారు, పిల్లలు రానక్కర్లేదు. 2020లో వచ్చిన పరిశోధనలో అది పిల్లలకు నేరుగా ఇచ్చే, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే సీబీటీ అనే థెరపీకి తీసిపోలేదు. పెద్దవాళ్ళ విషయంలో అంత ఆధారం లేదు, కానీ పని చేసే తీరు అదే కాబట్టి నేను వాడతాను.

సరిత_కొత్తపేట

మాధవి గారూ, చాలా థ్యాంక్స్. ఒక్క సందేహం. ‘నీ భయాన్ని గుర్తిస్తున్నాను, నువ్వు తట్టుకోగలవు’ అని మా ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడరు. అలా అంటే అమ్మ నన్ను వింతగా చూస్తుంది. మామూలు మాటల్లో ఎలా అనాలి?

మాధవి_కౌన్సెలింగ్

మీరు ఇంట్లో మాట్లాడే మాటల్లోనే అనండి. నాకు తెలిసిన ఇళ్ళల్లో పనిచేసినవి ఇవి.

‘మళ్ళీ గుబులు పుట్టిందా అమ్మా? కష్టంగానే ఉంటుంది. ఇంతకుముందు కూడా పుట్టింది, దిగింది. నువ్వు దాటావు.’

‘ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పనని అనుకున్నాం కదా. నీ పక్కనే ఉన్నాను. ఇప్పుడు ఏం చేస్తున్నావ్? ఆ పని కానివ్వు.’

‘నాకు తెలీదమ్మా, ఎవరికీ తెలీదు. తెలియకపోయినా ఇవాళ సాయంత్రం గుడికి వెళదాం.’

మూడోది వినడానికి కరుగ్గా ఉంటుంది. కొన్ని వారాల తర్వాత వాడాల్సిన మాట, మొదటి రోజే వద్దు.

‘ఆ పని కానివ్వు’ అనడం దృష్టి మళ్ళించడానికి కాదు. భయం పోయాక వంట చేస్తానని కూర్చుంటే వంట కాదు. దడ ఉండగానే కూర తరగాలి. తరుగుతుండగానే దడ దిగితే, అప్పుడు ఆవిడకు సొంతంగా ఒక సాక్ష్యం దొరుకుతుంది. మీరు ఎన్నిసార్లు చెప్పినా అది దొరకదు.

మొదట్లో అడగడం పెరుగుతుంది. ‘నేనంటే నీకు లెక్క లేదు’, ‘నేను పోయాక తెలుస్తుంది’ అని కూడా అంటారు. వాదించకండి. సంఖ్య తగ్గిందా అని మాత్రమే చూడకండి. అడిగిన తర్వాత తన పనిలోకి ఎంతసేపటికి తిరిగి వెళుతున్నారో చూడండి, ముందు కదిలేది అదే. మొదలుపెట్టి నెల దాటినా ఏమీ కదలకపోతే, తిండీ నిద్రా పడిపోతే, బతకాలని లేదన్న మాట వస్తే ఇంట్లో ప్రయత్నాలతో ఆగకండి. బతకాలని లేదన్న మాటకు నెల ఆగక్కర్లేదు, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆందోళనకు సీబీటీ, అవసరమైతే మందులు, రెండూ బాగా పనిచేస్తాయి.

పద్మజ_బోడుప్పల్

ఒక జాగ్రత్త చెబుతాను సరిత గారూ. ‘నువ్వు దాటగలవు’ అన్నది కూడా భరోసా అయిపోతుంది. మా ఆయన కొన్నాళ్ళకు ‘నేను తట్టుకోగలను కదా?’ అని అడగడం మొదలుపెట్టారు! మాట ఒక్కటే ఉంచితే మంత్రంలా పట్టుకుంటారు. ఒకసారి చెప్పి, అదే గంటలో మళ్ళీ అడిగితే ‘ఊఁ, విన్నాను’ అని ఊరుకోమన్నారు మా డాక్టర్ గారు.

సరిత_కొత్తపేట

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. డాక్టర్ దగ్గర లక్షణాల కాగితం రాయించుకున్నాం. బీపీ ఎప్పుడు చూడాలో కూడా ఆయనే రాశారు: ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, నిమిషం తేడాతో రెండేసి రీడింగులు. అంతకు మించి వద్దన్నారు. అంతకుముందు అమ్మ దడ వచ్చినప్పుడల్లా చూసుకునేది. భయంలో చూస్తే ఎక్కువ వస్తుంది, అది చూసి ఇంకా భయం.

మొదటి వారం చాలా కష్టమైంది. అమ్మ ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. ‘పెంచి పెద్ద చేస్తే ఇదా’ అంది. నేను ‘గుబులుగా ఉందని తెలుసమ్మా’ అని పక్కన కూర్చున్నాను, అంతకు మించి ఏమీ అనలేదు. రెండో వారం చివర్లో అమీర్‌పేటలో ఉండగా ఫోన్ చేసి ‘నాకేం...’ అని, ‘సరేలే, నువ్వు చెప్పవుగా. బీరకాయలు తెచ్చాడు, పచ్చడి చెయ్యనా?’ అంది. ఇప్పటికీ దడ వస్తోంది, అడుగుతోంది కూడా. కానీ పగటి ఫోన్లు బాగా తగ్గాయి, కింద వాకింగ్‌కి ఒక్కతే వెళుతోంది.

తేలనిది ఒకటుంది. మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. నా దగ్గర జవాబు దొరక్క అమ్మ రాత్రి అన్నయ్యకు వాట్సాప్ చేస్తోంది. వాడు గంటసేపు ‘ఏం కాదమ్మా’ అని ఓదార్చి, తర్వాత నాకు ఫోన్ చేసి ‘నీకు మనసు రాయి అయిందా’ అన్నాడు. వదిన కూడా అదే మాట.

రఘు_మియాపూర్

నాకు మీ అన్నయ్య మాటే న్యాయంగా అనిపిస్తోందండీ. పెద్దావిడ ఒక మాట అడిగితే చెప్పడానికి మనకు పోయేదేముంది?

వెంకటరమణ_రిటైర్డ్

రఘు గారూ, పోయేది మనకు కాదు, అడిగేవాళ్ళకు. నాకు రెండేళ్ళు పోయాయి. ఆ రెండేళ్ళలో ఊరికి ఒంటరిగా వెళ్ళలేదు, మనవడి స్కూల్ ఫంక్షన్‌లో కూర్చోలేదు. అందరూ నాకు ‘ఏం కాదు’ అని చెబుతూనే ఉన్నారు.

మాధవి_కౌన్సెలింగ్

సరిత గారూ, ఒకరు జవాబు ఆపి ఇంకొకరు ఇస్తుంటే అమ్మ ఫోన్ జవాబు ఇచ్చేవాళ్ళ వైపు తిరుగుతుంది, అది సహజం. అన్నయ్యను ‘ఆపు’ అని అడిగితే ఆయన వినరు. దూరంగా ఉన్నవాళ్ళకు అమ్మ కోసం చెయ్యగలిగింది ఆ మాటే కాబట్టి, అది లాగేస్తే చేతులు ఖాళీ అవుతాయి. బదులుగా ఒక పని ఇవ్వండి. రోజూ ఒక సమయానికి ఆయనే ముందుగా ఫోన్ చెయ్యాలి, అమ్మ భయపడినా పడకపోయినా. అందులో ఆరోగ్యం తప్ప ఏదైనా మాట్లాడాలి. భయపడితేనే కొడుకు గొంతు వినపడుతుందన్న లెక్క అలా తెగుతుంది. ఆయన ఒప్పుకుంటారో లేదో చెప్పలేను. ఒప్పుకోని అన్నదమ్ములున్న ఇళ్ళల్లో పని నెమ్మదిగానే సాగింది.

నవీన్_ఉప్పల్

మాధవి గారూ, ఇంకో మాట. మా అత్తగారు బీపీతో పాటు ‘అల్లుడు ఎప్పుడొస్తాడు’ అని పదినిమిషాలకోసారి మా ఆవిడను అడుగుతున్నారు. చెప్పినా మళ్ళీ అడుగుతున్నారు. దానికీ జవాబు ఆపేయాలా?

మాధవి_కౌన్సెలింగ్

వద్దు, ఇక్కడ ఆగండి. ఆందోళనతో అడిగేవాళ్ళకు మనం చెప్పిన జవాబు గుర్తుంటుంది. ‘నువ్వు ఇందాక అన్నావు, కానీ...’ అని మొదలుపెడతారు. మీ అత్తగారు జవాబు విన్న సంగతే మర్చిపోయి, మొదటిసారి అడుగుతున్నట్టు అడుగుతుంటే అది మతిమరుపు కావచ్చు. అక్కడ ఈ పద్ధతి పనికిరాదు, పైగా ఆవిడను బాధపెడుతుంది. ఎన్నిసార్లు అడిగినా మొదటిసారిలాగే నెమ్మదిగా జవాబు చెప్పండి. పూజ గదిలో దీపం వెలిగించి మర్చిపోవడం, తెలిసిన వీధిలో తికమకపడటం, డబ్బు లెక్క తప్పడం లాంటివి కూడా ఉన్నాయేమో ఈ వారం గమనించి రాసుకుని, ఆ కాగితంతో న్యూరాలజిస్ట్‌కి గానీ సైకియాట్రిస్ట్‌కి గానీ చూపించండి. థైరాయిడ్, బీ12 లోపం వల్ల కూడా ఇలా కావచ్చు, ఆ రెండూ రక్త పరీక్షలో తెలిసిపోతాయి.

నవీన్_ఉప్పల్

తికమక ఉందండి. పోయిన నెల రామంతాపూర్ చెల్లెలి ఇంటికి వెళ్ళి దారి తెలియక ఆటో ఆయన చేత ఫోన్ చేయించారు. రేపే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను.